చాలా ఏళ్ళ తర్వాత మొదటి పలకరింపు



మనలో చాలామందికి ఒక మనిషి ఉంటాడు, లేదా ఉంటుంది. ఒకప్పుడు రోజూ మాట్లాడుకున్నాం. ఒకే గదిలో వండుకు తిన్నాం, ఒకే బస్సులో కాలేజీకి పోయాం. తగాదా ఏమీ జరగలేదు. ఒక ఏడాది ఫోన్ చెయ్యలేదు, మరుసటి ఏడాది చెయ్యాలనుకుని ఊరుకున్నాం, ఆ తర్వాత అలాగే పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు చేతిలో నంబరు ఉన్నా వేలు ఆగిపోతుంది. ఏమని మొదలుపెట్టాలి? ఈ వేళ ఆ మొదటి మాట గురించే మాట్లాడతాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ జంకు మనలో ఏ ఒక్కరిదో కాదు. కెనడాలో లారా అక్నిన్, ఇంగ్లండులో గిలియన్ శాండ్‌స్ట్రమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి దీన్ని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. తెగిపోయిన స్నేహితుడొకరు ఉన్నారా అని అడిగితే, నూటికి తొంభై మందికి పైగా ఉన్నారని చెప్పారు. తర్వాత ఇంకొందరికి ఒక అవకాశం ఇచ్చారు. పలకరించాలని మీకూ ఉంది, పలకరిస్తే అవతలివాళ్ళు సంతోషిస్తారని మీకూ అనిపిస్తోంది, నంబరు మీ దగ్గరే ఉంది, ఇప్పుడే కూర్చుని నాలుగు మాటలు రాయండి, కావలసిన సమయం తీసుకోండి, పంపండి అన్నారు. అన్నీ అమర్చి పెట్టినా మూడో వంతు మంది కూడా పంపలేదు. రాసినవాళ్ళలో కూడా చాలామంది పంపకుండా ఊరుకున్నారు. ఇంకో ప్రశ్నకు వచ్చిన జవాబు నన్ను మరీ ఆలోచింపజేసింది. పాత స్నేహితుణ్ణి పలకరించడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో, ముక్కూ మొహం తెలియని మనిషితో మాట కలపడానికీ అంతే సిద్ధంగా ఉన్నారట. అంటే ఇన్నేళ్ళ మౌనం మన మనసులో ఆ స్నేహితుణ్ణి పరాయివాడిగా మార్చేసింది.

మరి ఈ జంకు తగ్గించే ఉపాయం ఏదైనా ఉందా? ఆ పరిశోధనలోనే ఒకటి దొరికింది. పాత స్నేహితుడికి రాసే ముందు, ఇప్పుడు రోజూ మాట్లాడుతున్న స్నేహితులకు మూడు నిమిషాల పాటు మెసేజ్‌లు పంపమన్నారు. ఊరికే బాగోగులు అడగడమే. అలా చేసినవాళ్ళలో సగానికి పైగా మంది ఆ వెంటనే పాత స్నేహితుడికి కూడా రాశారు. ఆ మూడు నిమిషాలూ ఫోన్‌లో సోషల్ మీడియా చూస్తూ గడిపినవాళ్ళలో రాసింది మూడో వంతు లోపే. దీని వెనుక మర్మమేమీ లేదు. పలకరించడం అనే పనిలోకి చెయ్యి దిగింది, మనసు ఆ వరసలోకి వచ్చింది. ఇక ముందుకు నడిచింది.

అయితే వాళ్ళు పరీక్షించింది ఎక్కువగా అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులను. మన దగ్గర మౌనం వెనుక వేరే బరువులుంటాయి. పెళ్ళికి పిలిస్తే రాలేదని, చావుకు పరామర్శకు రాలేదని, చేబదులు తీసుకుని ఇవ్వలేదని. పట్టింపు ఎవరికి ఉందో తెలియదు, కానీ ఉందేమోనన్న అనుమానం మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. కాబట్టి మన చుట్టుపక్కల జరిగిన ఒక సంగతే తీసుకుని చూద్దాం.

కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒకాయన మోటార్ వైండింగ్ షాపు నడుపుతాడు. కాలిపోయిన మోటార్లకు, ఫ్యాన్లకు కొత్త రాగి తీగ చుట్టే పని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివేటప్పుడు ఆయనకూ, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఇంకొకాయనకూ ఒకే గది. కిరోసిన్ స్టవ్వు మీద వంతుల వారీగా వండుకునేవారట. చదువు అయిపోగానే మెట్‌పల్లి ఆయన దుబాయి వెళ్ళాడు. ఆ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళని కుటుంబం తక్కువ. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి. సెలవు మీద వచ్చినప్పుడల్లా కలుసుకునేవారు. తర్వాత మెట్‌పల్లి ఆయన తండ్రి చనిపోయాడు. ఆయన దుబాయి నుంచి హడావుడిగా వచ్చి కార్యం ముగించుకుని వెళ్ళిపోయాడు. షాపాయనకు ఆ కబురు ఆలస్యంగా తెలిసింది, అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. పరామర్శకు వెళ్ళాల్సిన ఇంటికి వెళ్ళలేదు కదా, ఇక మొహం చెల్లలేదు. అక్కడి నుంచి మాటలు ఆగిపోయాయి.

ఏళ్ళు గడిచాక మళ్ళీ మాట్లాడాలనుకున్నప్పుడు ముందు నంబరే సమస్య అయింది. పాత దుబాయి నంబరు పనిచెయ్యడం లేదు. మన దగ్గర కూడా, వాడకుండా వదిలేసిన నంబరు కొంతకాలానికి వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. అందుకని పాత డైరీలోని నంబరుకు నేరుగా మనసులో మాట పంపడం మంచిది కాదు, అది ఇంకెవరి చేతిలోనో పడవచ్చు. డైరీలో ల్యాండ్‌లైన్ నంబరు దొరికినా దాన్ని నమ్ముకోలేం. 2000ల మొదట్లో బీఎస్ఎన్ఎల్ నంబర్లన్నిటికీ ముందు 2 చేరింది, ఆ తర్వాత చాలా ఇళ్ళలో ల్యాండ్‌లైనే తీసేశారు. చిరునామా మాత్రం అంత తొందరగా పాతబడదు. డైరీలో కరీంనగర్ జిల్లా అని రాసి ఉన్న ఆ మెట్‌పల్లి వైపు ఊరు 2016 నుంచి జగిత్యాల జిల్లాలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022లో జిల్లాలు మారాయి. జిల్లా పేరు పాతదైనా పిన్‌కోడ్ సరిగా ఉంటే ఉత్తరం చేరే అవకాశం ఉంది. పెద్దవయసు శ్రోతలు ఈ దారిని తీసిపారెయ్యవద్దు. ఇన్లాండ్ లెటరులో రాసిన నాలుగు మాటలు ఊళ్ళో ఉన్న తమ్ముడి చేతికో, వదిన చేతికో అందితే, అక్కడి నుంచి నంబరు వస్తుంది.

షాపాయన ఉత్తరం రాయలేదు. షాపుకు వచ్చిన ఒక మెట్‌పల్లి ఆసామి ద్వారా స్నేహితుడి అన్న నంబరు సంపాదించాడు. ఆ ఫోన్ ఎలా చేశాడో వినండి, ఇందులో తెలుసుకోవలసింది ఉంది. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంటికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి, అవతలి గొంతు ఆ మనిషి పేరు ఎత్తిందంటే ఇంట్లోవాళ్ళ గుండె ఝల్లుమంటుంది. ఏం వినవలసి వస్తుందోనని. అందుకని ఆయన అన్న మొదటి మాట, "ఏం లేదన్నా, అంత మంచిదే. నేను మీ తమ్ముని ఐటీఐ దోస్తును" అని. ఆ తర్వాతే పేరు, ఊరు, గది సంగతి. అవతలాయన కుదుటపడి, తమ్ముడిని అడిగి నంబరు ఇస్తానన్నాడు. అడిగి ఇవ్వడం సరైన పద్ధతి. మనం కూడా అలాగే కోరాలి. "మీరు ఒక్కసారి వాణ్ణి అడిగి, సరేనంటేనే ఇవ్వండి" అంటే, నంబరు వచ్చేసరికి అవతలి మనిషికి మన పేరు ముందే చేరుతుంది. మొదటి మెసేజ్ ఎవరిదో అన్న అనుమానం ఉండదు.

ఈ రోజుల్లో ఆ అనుమానం చిన్నది కాదు. ఏళ్ళ తర్వాత ఎవరైనా "గుర్తున్నానా?" అని పలకరిస్తే చాలామందికి ముందు తోచేది స్నేహం కాదు. చిట్టీ, పాలసీ, గొలుసు వ్యాపారం, చేబదులు, లేదా పేరు మార్చుకున్న మోసగాడు. కాబట్టి మొదటి మెసేజ్‌లో మనం ఎవరమో అవతలివాళ్ళు ఊహించుకునే అవసరం రాకూడదు. పేరు, ఇంటిపేరు, ఏ ఊళ్ళో ఏ చోట కలిసి ఉన్నామో స్పష్టంగా ఉండాలి. లింకు ఏదీ పెట్టకూడదు. మీకు నిజంగానే ఏదైనా పని పడి వెతుకుతున్నట్లయితే, ఆ పని మొదటి పలకరింపులోనే చెప్పెయ్యండి. ఆప్యాయంగా నాలుగు రోజులు మాట్లాడి ఐదో రోజున పని బయటపెడితే, ఆ నాలుగు రోజులూ అబద్ధమైపోతాయి. ఇదివరకే ఇలాంటివి చూసిన మనిషి ఇక మళ్ళీ నమ్మడు.

సరే, నంబరు వచ్చింది. షాపాయన ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసినవి పంపకుండా నాకు చూపించాడు. వాటిని ఒక్కొక్కటిగా చూస్తే మనం సాధారణంగా ఎక్కడ తప్పటడుగు వేస్తామో తెలుస్తుంది.

మొదట రాసింది ఇలా ఉంది: "నమస్తే. బాగున్నారా? చాలా కాలమైంది. మమ్మల్ని పూర్తిగా మరిచిపోయినట్టున్నారు." మనకు బాగా అలవాటైన పలకరింపే ఇది. నిష్ఠూరం ఆడటం మనకు ప్రేమలో భాగం. పండక్కి రాని మేనల్లుణ్ణి పట్టుకుని "పెద్దవాడివైపోయావులే" అంటాం, వాడు నవ్వి కాళ్ళకు దండం పెడతాడు. కానీ అక్కడ గొంతు ఉంది, చూపు ఉంది, భుజం మీద చెయ్యి ఉంది. అవన్నీ కలిస్తేనే నిష్ఠూరం ఆప్యాయతగా వినిపిస్తుంది. రాతలో అవేవీ ఉండవు. మరిచిపోయావు అన్న నింద ఒక్కటే మిగులుతుంది. చదివినవాడు జవాబుగా ముందు సంజాయిషీ చెప్పుకోవాలి, లేదా నువ్వు మాత్రం చేశావా అని ఎదురు అడగాలి. రెండూ మొదటి మాటకు పనికివచ్చేవి కావు. నా అభిప్రాయంలో నిష్ఠూరాన్ని మూడో నాలుగో సంభాషణ దాకా దాచుకోవాలి. అప్పటికి అది మళ్ళీ తీయగా వినిపిస్తుంది.

రెండో ప్రయత్నం చాలా పెద్దది. తండ్రి పోయిన కబురు ఎలా ఆలస్యంగా తెలిసిందో, ఆ సమయంలో షాపులో ఏం ఇబ్బంది నడిచిందో, ఎన్నిసార్లు రావాలనుకున్నాడో, ఎందుకు రాలేకపోయాడో అంతా ఉంది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయినా దాన్ని పంపవద్దన్నాను. డ్యూటీలో ఉన్న మనిషి మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ తెరిస్తే, ఆయనకు ఇంత బరువు ఎదురవుతుంది. అంత పొడవు మెసేజ్‌కు అంత పొడవు జవాబు రాయాలనిపిస్తుంది. తీరిక దొరికినప్పుడు రాద్దామని పక్కన పెడతాడు. ఆ తీరిక దొరకదు. జవాబు రాని మెసేజ్‌లలో చాలావాటి కథ ఇదే. అవతలివాళ్ళకు ఇష్టం లేక కాదు, సరైన జవాబు రాయాలన్న పట్టుదలతోనే ఆగిపోతారు.

చావు సంగతి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ దుఃఖం ఇటీవలిదైతే, అంటే ఏడాది లోపలిదైతే, దాన్ని తప్పించుకుని వేరే మాట మొదలుపెట్టకూడదు. మొదటి వాక్యమే అది కావాలి. "నాన్నగారు పోయారని ఇప్పుడే తెలిసింది, చాలా బాధగా ఉంది" అంటే చాలు. కానీ పదేళ్ళ కిందటిదైతే, దాన్ని అక్షరాల్లో తవ్వకూడదు. గొంతు కలిసిన రోజున, నోటితో చెప్పాలి.

మూడోసారి షాపాయన విసిగిపోయి "హాయ్" అని రాశాడు. ఆ పక్కనే ఉదయం శుభాకాంక్షల బొమ్మ ఒకటి పెట్టబోయాడు. ఇది తేలిక అనిపిస్తుంది గానీ, అవతలి మనిషికి ఏం జవాబివ్వాలో తెలియదు. "హాయ్"కు జవాబు "హాయ్" మాత్రమే. పూల బొమ్మకు జవాబు ఇంకో పూల బొమ్మ. పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో జరుగుతున్నది చూడండి. ముప్పై ఏళ్ళ తర్వాత అందరూ ఒక చోట చేరారు, పొద్దున్నే బొమ్మలు వస్తూనే ఉన్నాయి, కానీ ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఇంతవరకు విడిగా ఒక్క మాట మాట్లాడుకోలేదు. గ్రూపులో మాట అందరికీ పంచిపెట్టినది, ఎవరికీ ప్రత్యేకం కాదు. పాత స్నేహితుడు గ్రూపులోనే ఉంటే, అక్కడి నుంచి నంబరు తీసుకుని విడిగా పలకరించండి. బొమ్మ వద్దు, మీ వేలితో మీరు టైపు చేసిన మాట కావాలి.

అప్పుడు నేను ఆయన్ను ఒకటే అడిగాను. "ఆయన ఈ మధ్య నీకు ఎప్పుడు గుర్తొచ్చాడు?" అని. వెంటనే చెప్పాడు. ఆ రోజే షాపుకు ఒక సీలింగ్ ఫ్యాన్ వచ్చింది. ఎవరో వైండింగ్ చేసి, కనెక్షన్ తారుమారు చేశారు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ ఉల్టా తిరుగుతోంది, గాలి కిందికి రావడం లేదు. సీలింగ్ ఫ్యాన్‌లో రెండు చుట్లుంటాయి, ఒకదానికి కెపాసిటర్ వరసలో కలుస్తుంది. ఆ కలిపే కొసలు మారితే తిరిగే దిక్కు మారుతుంది. ఐటీఐ ప్రాక్టికల్ పరీక్షలో వాళ్ళిద్దరి ఫ్యాన్ సరిగ్గా అలాగే ఉల్టా తిరిగింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదట, ఫెయిలైపోతామని.

ఇక ఆయన రాసి పంపినది ఇది:

"అరేయ్, నేను రా" అని తన పేరు రాసి, "కరీంనగర్ ఐటీఐ రూమ్. ఇయ్యాల షాపుకు ఉల్టా తిరిగే ఫ్యాన్ ఒకటొచ్చింది. మన ప్రాక్టికల్ ఫ్యాన్ యాదికొచ్చింది, నువ్వు యాదికొచ్చినవ్. ఎట్లున్నవ్? తీరినప్పుడు ఒక మాట పెట్టు."

అంతే. ఇందులో ఏమున్నదో చూడండి. ఎవరో తెలిసింది. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చాడో తెలిసింది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇన్నేళ్ళ తర్వాత ఈ రోజే ఎందుకు అన్న ప్రశ్న అవతలివాళ్ళ మనసులో ఉంటుంది. ఉల్టా తిరిగిన ఫ్యాన్ ఆ ప్రశ్నకు నిజమైన జవాబు. ఆ ఫ్యాన్ సంగతి లోకంలో వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు, కాబట్టి పంపింది అసలు మనిషేనని రుజువు కూడా అదే. అడిగిన ప్రశ్న ఒక్కటే, దానికి ఒక్క మాటతో జవాబివ్వవచ్చు. తొందర పెట్టలేదు.

ఇంకొక సంగతి, ఆ మెసేజ్ వాళ్ళ సొంత మాటలో ఉంది. మొదటి ప్రయత్నంలో "బాగున్నారా, మరిచిపోయినట్టున్నారు" అని పుస్తకాల భాష, మీరు మన్నన. ఎందుకలా రాశావంటే, "ఇన్నేళ్ళయింది గదా, రా అంటే ఏమనుకుంటడో" అన్నాడు. తెలుగులో ఈ ఇబ్బంది నిజమైనది. మనిషిని నువ్వు అనకుండా, మీరు అనకుండా పలకరించడం కష్టం, క్రియలోనే అది బయటపడుతుంది. నా మాట ఏమిటంటే, విడిపోయిన రోజున ఏ పిలుపు ఉందో ఆ పిలుపుతోనే మొదలుపెట్టాలి. ఆనాడు ఒరేయ్ అని పిలిచిన మనిషిని ఈనాడు మీరు అంటే, అది గౌరవంగా కాదు, దూరంగా వినిపిస్తుంది. నీకూ నాకూ మధ్య ఇప్పుడు ఇంత ఎడం ఉంది అని మొదటి మాటలోనే మనం కొలిచి చెప్పినట్టు అవుతుంది. అలాగే యాస. ఎట్లున్నవ్ అనుకున్నవాళ్ళు ఎట్లున్నవ్ అనే రాయాలి, ఏటి సేత్తన్నావు అనుకున్న శ్రీకాకుళం స్నేహితులు అలాగే రాయాలి. ఆ యాసలో గది, స్టవ్వు, బస్టాండు అన్నీ ఉన్నాయి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆనాడు కూడా మీరు అనే పిలుచుకున్న సహోద్యోగులు, లేదా ఆడామగా స్నేహితులు, ఇప్పుడు చనువు పెంచి మొదలుపెట్టకూడదు. ఉన్నది ఉన్నట్టుగానే ఉండాలి. అవతలివాళ్ళు ఇప్పుడు మీరు అని జవాబిస్తే నొచ్చుకోవద్దు, పక్కన ఎవరైనా ఉండవచ్చు, ఆఫీసులో ఉండవచ్చు. రెండు మూడు మాటల్లో అదే సర్దుకుంటుంది.

జవాబు రెండు రోజుల తర్వాత వచ్చింది. రాత కాదు, గొంతు. వాయిస్ మెసేజ్. "ఆ ఫ్యాన్ నేను కట్టలే, నువ్వే కట్టినవ్ రా" అని మొదలైంది.

ఇక్కడి నుంచి రాత మానేసి గొంతు కలపాలి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు అమెరికాలో దీన్నే పరీక్షించి 2021లో ప్రచురించారు. పాత స్నేహితులతో మళ్ళీ కలవమని కొందరికి చెప్పి, ఫోన్ చేస్తే ఎలా ఉంటుంది, ఈమెయిల్ రాస్తే ఎలా ఉంటుంది అని ముందుగా ఊహించమన్నారు. ఫోన్‌లో ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువమంది అనుకున్నారు, రాయడానికే మొగ్గు చూపారు. తీరా చేశాక ఫోన్ చేసినవాళ్ళకు ఇబ్బంది ఎక్కువేమీ కలగలేదు, దగ్గరితనం మాత్రం రాసినవాళ్ళ కంటే ఎక్కువ కలిగింది. అయినా నేను మొదటి మాట రాతలోనే ఉండాలంటాను. కారణం మనలో చాలామంది తెలియని నంబరు ఎత్తరు, ఎత్తినా ఏ స్థితిలో ఎత్తుతారో తెలియదు. రాత వెళితే మనిషి తన తీరికలో చూసుకుంటాడు. గొంతు దాని వెనుకే వెళ్ళాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళకైతే వేళ చూసుకోండి. దుబాయి మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. మనకు రాత్రి తొమ్మిదిన్నర అంటే అక్కడ ఎనిమిది, డ్యూటీ దిగి గదికి చేరి వండుకునే వేళ.

వాళ్ళ మొదటి ఫోన్ సంభాషణలో షాపాయన తండ్రి మాట ఎత్తాడు. "బాపు పోయినప్పుడు నేను రాలే. నాకు తెలిసేసరికే ఆలస్యమైంది. తెలిసినంక మొఖం చెల్లలే" అన్నాడు. అంతకు మించి వివరించలేదు. అవతలాయన కాసేపాగి, "అప్పుడు ఎవరొచ్చిండ్రో ఎవరు రాలేదో నాకు యాదికే లేదు రా. నువ్వు ఏమైపోయినవో అని మాత్రం అనుకున్న" అన్నాడు. ఇన్నేళ్ళు ఒకాయన మోసిన బరువు రెండో ఆయన లెక్కలోనే లేదు. అన్నిసార్లూ ఇలా జరుగుతుందని నేను చెప్పను. కొందరికి ఆ రాకపోవడం నిజంగానే గుచ్చుకుని ఉంటుంది. అప్పుడు కూడా చెప్పవలసింది ఇంతే, తప్పు ఒప్పుకోవడం, ఆపడం, అవతలి మనిషిని మాట్లాడనివ్వడం. డబ్బు సంగతైతే పద్ధతి వేరు. మీరు బాకీ ఉంటే ఆ డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటుతోనే పలకరించండి, ఆ ప్రస్తావన లేని ఆప్యాయత నిలవదు. వాళ్ళు మీకు బాకీ ఉంటే మీ పలకరింపు వసూలులా కనబడుతుంది. ఆ డబ్బు నిజంగా వదులుకున్నట్లయితే గొంతు కలిశాక ఆ ఒక్క మాట చెప్పండి, వదులుకోకపోతే వదులుకున్నానని అనవద్దు.

మొదటి సంభాషణలో అడగకూడనివి కొన్ని ఉన్నాయి. పిల్లలెంతమంది, ఏం చేస్తున్నారు, ఇల్లు కట్టావా, మీ ఆవిడ బాగున్నారా. మనకు ఇవి మర్యాద ప్రశ్నలు. కానీ ఇన్నేళ్ళలో ఏం జరిగిందో మనకు తెలియదు. భార్యో, భర్తో పోయి ఉండవచ్చు, విడిపోయి ఉండవచ్చు, పిల్లలు కలగక ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఉండవచ్చు. ఆ మర్యాద ప్రశ్నకు జవాబుగా అంత దుఃఖాన్ని మొదటి ఐదు నిమిషాల్లో విప్పుకోమనడం న్యాయం కాదు. "ఇంటి దగ్గర అందరూ ఎట్లున్నరు?" అంటే చాలు. చెప్పదలచుకున్నది వాళ్ళే చెబుతారు.

ఆడవాళ్ళ స్నేహాల విషయంలో మొదటి పలకరింపు కంటే ముందు వెతుకులాటే పెద్ద పని. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఫేస్‌బుక్‌లో పాత పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. పుట్టిల్లే దారి. ఆమె తల్లో, అన్నో, వదినో ఆ ఊళ్ళోనే ఉంటారు. ఫేస్‌బుక్‌లోనే దొరికితే ఒక సంగతి గుర్తుంచుకోండి, స్నేహితుల జాబితాలో లేనివాళ్ళు పంపిన మాట మామూలు పెట్టెలోకి రాదు, మెసేజ్ రిక్వెస్ట్స్ అనే వేరే చోటుకు పోతుంది. చాలామంది దాన్ని ఎన్నడూ తెరవరు. అక్కడ జవాబు రాలేదంటే ఆమె చూసి ఊరుకుందని అర్థం కాదు. ఫోన్ చేసినప్పుడు భర్తో, కోడలో ఎత్తితే, "నేను ఆమెతో ఇంటర్ చదివాను, ఫలానా ఊరు" అని తొలి వాక్యంలోనే చెప్పండి. మగవాళ్ళు పాత సహాధ్యాయినిని పలకరించదలిస్తే, ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితురాలి ద్వారా కబురు పంపడం మేలు. అది భయంతో చేసే పని కాదు, ఆమె ఇంట్లో ఆమెకు ఇబ్బంది రాకుండా చూడటం.

జవాబు రాకపోతే? వాట్సాప్‌లో ఒకే గుర్తు కనబడుతుంటే మాట ఇంకా చేరనేలేదు, ఫోన్ ఆపి ఉండవచ్చు, నంబరు మారి ఉండవచ్చు. రెండు గుర్తులు పడి జవాబు లేకపోతే కొన్ని వారాలు ఆగండి. తర్వాత ఒక్కసారి, ఏదైనా పండగకో, ఊళ్ళో జాతరకో, ఇంకో చిన్న మాట పంపండి. మొదటి మెసేజ్ చూశావా అని అడగవద్దు. దానికి కూడా జవాబు రాకపోతే ఇక ఆపాలి. వాళ్ళకు వద్దని ఉండవచ్చు, ఆ హక్కు వాళ్ళకుంది. ఒక్కొక్కసారి అన్నింటికంటే కష్టమైన జవాబు వస్తుంది. ఫోన్ కొడుకు ఎత్తి, నాన్న పోయి మూడేళ్ళయిందండీ అంటాడు. అప్పుడు ఫోన్ పెట్టెయ్యకండి. ఆ స్నేహితుడి గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి, ఆ పిల్లవాడికి చెప్పండి. తండ్రి ఇరవై ఏళ్ళ వయసులో ఎలా ఉండేవాడో అతనికి చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువమంది.

2022లో పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం వేలాది మందితో చేసిన ప్రయోగాల్లో తేలినది చెప్పి ముగిస్తాను. మనం పలకరించినప్పుడు అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారన్న అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. ఆ పలకరింపు ఎంత అనుకోనిదైతే ఆ సంతోషం అంత ఎక్కువ. ఇన్నేళ్ళ మౌనం తర్వాత వచ్చే మాట కంటే అనుకోనిది ఏముంటుంది?

శ్రోతలారా, ఈ ప్రసంగం అయిపోగానే మీరు రోజూ మాట్లాడే ఇద్దరు ముగ్గురికి ఊరికే ఒక మాట పంపండి. అదే ఊపులో, ఫోన్ కింద పెట్టకుండా, ఆ పాత నంబరు తెరవండి. మీ పేరు, కలిసి ఉన్న చోటు, ఈ మధ్య ఏది చూసి గుర్తొచ్చారో ఆ సంగతి, ఒకే ఒక్క ప్రశ్న. ఆనాటి పిలుపుతోనే రాయండి, ఈ రాత్రికే పంపండి. సెలవు.